తొమ్మిదో తరగతి తెలుగు: ఒప్పించే వ్యాసానికి మూల్యాంకన రూబ్రిక్

వ్యాసాంశం: వరి మడులను రొయ్యల గుంటలుగా మార్చడాన్ని మన గ్రామసభ వ్యతిరేకించాలా, వద్దా?

ఎవరిని ఒప్పించాలి: గ్రామసభకు వచ్చే పెద్దలను. వాళ్లలో వరి రైతులు, గుంటలు కౌలుకిచ్చిన వాళ్లు, గుంటల మీద కూలికి పోయేవాళ్లు ఉంటారు.

నిడివి, సమయం: 250 నుంచి 300 పదాలు. వివరాలు సేకరించుకోవడానికి ఒక వారం, రాయడానికి తరగతిలో రెండు పీరియడ్లు.

మొత్తం మార్కులు: 20

పిల్లలు రాయడం మొదలుపెట్టకముందే ఈ కాగితం వాళ్ల చేతిలో ఉండాలి. మనది అల్లూరు మండలం. తరగతిలో సగం మంది ఇళ్లకు గుంటలతో ఏదో ఒక సంబంధం ఉంటుంది. కాబట్టి పిల్లవాడు ఏ పక్షం తీసుకున్నాడన్న దానికి మార్కు లేదు, కోత కూడా లేదు. దిద్దే టీచరు సొంత అభిప్రాయాన్ని పక్కన పెట్టి దిద్దాలి.

| అంశం | స్థాయిలు | గుణకం | గరిష్ఠ మార్కులు |
|---|---|---|---|
| వాదన స్పష్టత | 4, 3, 2, 1 | 1 | 4 |
| కారణాలు, ఆధారాలు | 4, 3, 2, 1 | 2 | 8 |
| ఎదుటి వాదనకు జవాబు | 4, 3, 2, 1 | 1 | 4 |
| అమరిక | 4, 3, 2, 1 | అర | 2 |
| భాష | 4, 3, 2, 1 | అర | 2 |

ఒక అంశం వ్యాసంలో అసలు కనిపించకపోతే దానికి సున్నా. చేతిరాతకు విడిగా మార్కులు లేవు. చదవగలిగేలా ఉంటే చాలు.

1. వాదన స్పష్టత

స్థాయి 4: మొదటి పేరాలోనే పక్షం తేలిపోతుంది, దానికి హద్దు కూడా ఉంటుంది. ఉదాహరణకు, "కాలవ నీళ్లు పారే మడుల్లో కొత్త గుంటలు తవ్వడాన్ని సభ వ్యతిరేకించాలి, ఇప్పటికే చవుడుబారిన నేలల సంగతి వేరు." చివరిదాకా ఆ మాట మీదే నిలబడతాడు.

స్థాయి 3: పక్షం స్పష్టంగా ఉంది కానీ హద్దు లేదు. "గుంటలన్నీ ఆపేయాలి" లాంటిది.

స్థాయి 2: పక్షం ఏమిటో వ్యాసం మొత్తం చదివితే గానీ తెలియదు, లేదా మధ్యలో మాట మారుతుంది.

స్థాయి 1: లాభాలు కొన్ని, నష్టాలు కొన్ని చెప్పి "ఆలోచించాలి" అని వదిలేస్తాడు. పరీక్షల కోసం బట్టీ పట్టిన వ్యాసాలు ఎక్కువగా ఇక్కడే పడతాయి.

2. కారణాలు, ఆధారాలు

దీనికి రెట్టింపు విలువ ఎందుకో పిల్లలకు చెప్పండి. సభలో "నీకెట్టా తెలుసు?" అని ఒక పెద్దాయన అడిగితే నిలబడే మాట కావాలి. మూడు రకాల ఆధారాలు చెల్లుతాయి: కళ్లతో చూసింది, తెలిసినవాళ్లను అడిగి రాసుకుంది, చట్టంలోనో నమ్మదగిన పత్రంలోనో ఉన్నది.

స్థాయి 4: కనీసం రెండు కారణాలు, ఒక్కోదానికీ సరిపడే ఆధారం, అది ఎక్కడిదో మాట. ఆధారం కారణాన్ని ఎలా నిలబెడుతుందో కూడా వివరిస్తాడు. ఇలాంటిది: "గుంట కట్టను ఆనుకున్న మా పెదనాన్న మడిలో పోయిన పంటకు ఎకరాకు పుట్టిన్నర కూడా రాలేదు. రెండు మడులు అవతల మూడు పుట్లు వచ్చాయి. విత్తనం, ఎరువు, కాలవ ఒకటే. కాబట్టి కట్టలోంచి ఊరే ఉప్పు నీళ్లనే అనుమానించాలి." అవతలి పక్షం రాసేవాడు 2005 నాటి కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం ప్రకారం గుంటలకు రిజిస్ట్రేషన్ తప్పనిసరని చెప్పి, పూర్తిగా వ్యతిరేకించే బదులు ఆ నిబంధనలు అమలు చేయించమని సభను అడగవచ్చు. అదీ స్థాయి 4కు తగిన ఆధారమే.

స్థాయి 3: రెండు కారణాలున్నాయి, ఆధారాలూ ఉన్నాయి. కానీ ఒకదానికి మూలం చెప్పలేదు, లేదా ఆధారానికీ కారణానికీ ముడి వేయలేదు. పెదనాన్న మడి లెక్క రాసి, దాన్నుంచి ఏం తేలిందో చెప్పకుండా తర్వాతి పేరాకు పోవడం అన్నమాట.

స్థాయి 2: కారణాలున్నాయి, ఆధారాలు గాలిలో ఉన్నాయి. "శాస్త్రవేత్తలు చెప్పారు", "అందరికీ తెలుసు", "పేపర్లో వచ్చింది". ఏ శాస్త్రవేత్త, ఏ పేపరు?

స్థాయి 1: ఒకే కారణాన్ని మాటలు మార్చి తిప్పి తిప్పి రాస్తాడు, లేదా "రైతే దేశానికి వెన్నెముక" లాంటి నినాదాలతో పేజీ నింపుతాడు.

అంకె ఎక్కువగా ఉంటే ఆధారం గట్టిదని అనుకోవద్దు. ఇంట్లో అడిగి తెచ్చిన పుట్ల లెక్క, ఎక్కడిదో తెలియని లక్షల కోట్ల లెక్క కన్నా మేలు. పిల్లవాడు పుట్టి లెక్క రాస్తే దాన్ని తప్పుగా దిద్దకండి. మన దగ్గర పుట్టి అంటే 850 కిలోలని ఎవరికీ చెప్పనక్కర్లేదు.

3. ఎదుటి వాదనకు జవాబు

స్థాయి 4: అవతలివాళ్ల వాదనల్లో గట్టిదాన్ని ఎంచుకుని, వాళ్లు విన్నా "అవును, మేమనేది ఇదే" అనేలా చెప్తాడు. తర్వాత కారణంతో జవాబిస్తాడు, లేదా ఎంతవరకు ఒప్పుకుంటాడో చెప్తాడు. "వరి గిట్టుబాటు కాకే కౌలుకిస్తున్నారు, అది నిజమే. కానీ కౌలు గడువు తీరాక ఆ నేల మళ్లీ వరికి పనికి రావాలంటే ఉప్పు కడగాలి. ఆ ఖర్చు ఎవరిదో ఒప్పందంలో ఉండడం లేదు."

స్థాయి 3: ఎదుటి వాదనను న్యాయంగానే చెప్పాడు, జవాబు మాత్రం తేలిపోయింది.

స్థాయి 2: ఎదుటివాళ్ల బలహీనమైన మాటనే తీసుకుని కొట్టేస్తాడు. "వాళ్లకు డబ్బాశ" అనడం వాదనకు జవాబు కాదు, మనిషిని తిట్టడం.

స్థాయి 1: "కొందరు ఒప్పుకోరు" అన్న ఒక్క వాక్యంతో సరిపెడతాడు.

4. అమరిక

స్థాయి 4: పేరాకొక విషయం, ఒక పేరా నుంచి తర్వాతిదానికి దారి ఉంది, ముగింపులో సభ ఏం చేయాలో కచ్చితంగా అడుగుతాడు. స్థాయి 3: పేరాలు సరిగ్గానే ఉన్నాయి, మధ్య లంకెలు తెగాయి. స్థాయి 2: పేరాలు ఉన్నా విషయాలు కలగాపులగం. స్థాయి 1: అంతా ఒకే ముద్ద.

5. భాష

స్థాయి 4: పెద్దలతో మాట్లాడే మర్యాద ఉంది, వాక్యాలు తేటగా ఉన్నాయి, తప్పులు అరుదు. స్థాయి 3: ఒత్తులు, దీర్ఘాల తప్పులు అక్కడక్కడా ఉన్నా చదువు ఆగదు. స్థాయి 2: తప్పుల వల్ల కొన్ని వాక్యాలు రెండోసారి చదవాల్సి వస్తుంది. స్థాయి 1: అర్థమే పట్టుబడదు.

తాత మాటను కొటేషన్‌లో పెట్టి "నీళ్లు ఉప్పగా ఉండాయి" అని ఉన్నదున్నట్టు రాస్తే అది తప్పు కాదు. యాసకు కోత వేయొద్దు.

దిద్దేటప్పుడు

ఒక్కో అంశాన్ని విడిగా చూడాలి. వ్యాసం మొత్తం చదివి మనసులో ఒక మార్కు అనుకుని, దానికి తగ్గట్టు గళ్లు నింపితే ఈ కాగితంతో పని లేదు. రెండు స్థాయిల మధ్య ఊగిసలాట వస్తే, ఆ స్థాయికి సాక్ష్యంగా చూపగల వాక్యం వ్యాసంలో ఉందా అని వెతకండి. లేకపోతే కింది స్థాయే. రెండు సెక్షన్ల టీచర్లు ముందుగా ఐదు పేపర్లు విడివిడిగా దిద్ది పోల్చుకోవాలి. ఎక్కడైనా ఒక స్థాయికి మించి తేడా వస్తే మాట్లాడుకున్నాకే మిగతావి ముట్టుకోవాలి.

నమూనా లెక్క: ఒక పేపర్లో పక్షం స్పష్టం కానీ హద్దు లేదు (స్థాయి 3, 3 మార్కులు). కారణాలు రెండు, మూలాల్లేవు (స్థాయి 2, 4 మార్కులు). ఎదుటి వాదన ఒక్క వాక్యం (స్థాయి 1, 1 మార్కు). అమరిక స్థాయి 3 (1.5), భాష స్థాయి 4 (2). మొత్తం 11.5. ముత్యాల్లాంటి భాష చూసి 16 వేయాలనిపించే పేపరు ఇది. కింద రాయాల్సిన వ్యాఖ్య: "భాష బాగుంది. రెండో పేరాలో గుంటల వల్ల బోరు నీళ్లు ఉప్పగా మారాయన్నావు. ఎవరి బోరు, ఎప్పటి నుంచి? వాళ్లనే అడిగి, ఆ పేరా ఒక్కటి తిరగరాసి సోమవారం తీసుకురా."

తిరగరాసిన పేరాకు ఆ అంశంలో కొత్త స్థాయి వేసి, పాత మార్కు కొట్టేయాలి.