ఆదివారం రాత్రి ఫ్రైడ్ రైస్ తిని ముగ్గురం జబ్బుపడిన విషయం: రెస్టారెంట్ యజమాని గారికి ఫిర్యాదు

ఖమ్మం,
18 జూన్ 2025

యజమాని గారికి,

నమస్కారమండీ.

15వ తేదీ ఆదివారం రాత్రి మేం ఐదుగురం మీ దగ్గర భోంచేశాం. అందులో ముగ్గురికి ఆ రాత్రే వాంతులయ్యాయి. మా అత్తగారిని ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది. అందరం కాస్త తేరుకున్నాక ఈ ఉత్తరం రాస్తున్నాను. చూసింది చూసినట్టు చెబుతాను, అనుమానాన్ని అనుమానమనే చెబుతాను.

ఎనిమిదింపావుకి వచ్చి మేడ మీద ఏసీ హాల్లో కూర్చున్నాం. బటర్ నాన్లు, పనీర్ కూర, ఒక ఫ్యామిలీ ప్యాక్ చికెన్ ఫ్రైడ్ రైస్ చెప్పాం. రైస్ పైపైన పొగలు కక్కుతూ వచ్చింది. గరిటె లోపలికి దించితే మధ్యలో మెతుకులు ముద్ద కట్టి ఉన్నాయి. ఆ ముద్దను వేలితో విడదీసి చూశాను. ఫ్రిజ్‌లోంచి తీసిన అన్నంలా చల్లగా తగిలింది. వాసనలో తేడా మాత్రం నాకు తెలియలేదు. వెయిటర్‌ని పిలిచి చూపిస్తే ఆ అబ్బాయి మర్యాదగానే "వేడి చేయించి తెస్తా మేడమ్" అని తీసుకెళ్లి, ఐదు నిమిషాల్లో అదే రైస్ మళ్లీ తెచ్చాడు. అప్పుడే వద్దనాల్సింది. బాబు ఆకలి అంటున్నాడని వడ్డించేశాను. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంది.

రైస్ తిన్నది నేను, తొమ్మిదేళ్ల మా బాబు, మా అత్తగారు. మావారు, మామగారు దాన్ని ముట్టలేదు. నాన్లు, పనీర్ కూర మాత్రం ఐదుగురం తిన్నాం. నీళ్లు సీలు తీయని బాటిళ్లవే. మధ్యాహ్నం ఇంట్లో అందరం ఒకే వంట తిన్నాం. రాత్రి పదకొండున్నరకి బాబుకి వాంతులు మొదలయ్యాయి, పన్నెండింటికి నాకు, ఒంటిగంటలోపు అత్తగారికి. రైస్ తినని ఇద్దరికీ ఏమీ కాలేదు.

అత్తగారికి 68 ఏళ్లు, షుగర్ ఉంది. తెల్లారేసరికి లేచి నిలబడలేకపోయారు. ఆస్పత్రిలో సెలైన్ పెట్టి, సోమవారం సాయంత్రం ఇంటికి పంపారు. డాక్టర్ గారు ఫుడ్ పాయిజనింగ్ అని చీటీలో రాశారు. వండిన అన్నం గంటల తరబడి బయట ఉంటే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా పెరిగి విషం తయారవుతుందని, ఆ తర్వాత ఎంత వేడి చేసినా ఆ విషం పోదని ఆయన చెప్పారు. మాకు అయింది అదేనని ఏ పరీక్షలోనూ తేలలేదు, రైస్ శాంపిల్ కూడా మిగల్లేదు. కాబట్టి అదే కారణమని ఖాయంగా అనను. కానీ రైస్ తిన్నవాళ్లకే రావడం, అది మధ్యలో చల్లగా ఉండటం మీరు పట్టించుకోవాల్సిన సంగతులు.

సోమవారం పొద్దున మావారు ఫోన్ చేస్తే మీ మేనేజర్ గారు "ఇంకెవరూ కంప్లయింట్ చేయలేదండీ" అని పెట్టేశారు. అందుకే నేరుగా మీకు రాస్తున్నాను.

ముగ్గురి వైద్యానికి 4,860 రూపాయలైంది. ఆ రైస్ ధర 480. మొత్తం 5,340 రూపాయలు మీరు ఇవ్వాలి. నాన్లు, కూర బాగానే ఉన్నాయి, వాటి డబ్బు అడగను.

డబ్బు కంటే నాకు ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ఆ రోజు అన్నం ఎప్పుడు వండారు, ఎక్కడ, ఎంతసేపు ఉంచారు అన్నది కనుక్కుని రాతపూర్వకంగా చెప్పండి. ఇకమీదట వండిన అన్నాన్ని 60 డిగ్రీలు దాటిన వేడిలో అయినా ఉంచాలి, లేదంటే పెద్ద గిన్నెలో వదిలేయకుండా ట్రేలలో పలచగా పరిచి త్వరగా చల్లార్చి 5 డిగ్రీల లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. రాత్రి మిగిలింది పారేయాలి. చల్లగా ఉందని కస్టమర్ చెబితే ఆ ప్లేటు తిరిగి వేడి చేయకుండా మార్చి ఇవ్వాలని మీ స్టాఫ్‌కి చెప్పండి. ఆ వెయిటర్ అబ్బాయి మీద మాత్రం చర్య తీసుకోవద్దు, అతను తనకు చెప్పిన పనే చేశాడు.

28వ తేదీలోపు మీ జవాబు కోసం చూస్తాను. రాకపోతే జిల్లా ఫుడ్ సేఫ్టీ అధికారికి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కి ఫిర్యాదు చేస్తాను. మీ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్స్ నంబరు బిల్లు మీదే ఉంది. అప్పటిదాకా ఈ విషయం ఆన్‌లైన్‌లో ఎక్కడా పెట్టను.

బిల్లు, డాక్టర్ గారి చీటీ, డిశ్చార్జ్ కాగితం, మందుల రసీదుల జిరాక్సులు జతచేశాను. ఒరిజినల్స్ నా దగ్గరున్నాయి, కావాలంటే వచ్చి చూపిస్తాను. నా ఫోన్ నంబరు ఆదివారం టేబుల్ బుకింగ్‌లో మీ కౌంటర్‌లో ఇచ్చిందే, సాయంత్రం ఆరు తర్వాత ఎప్పుడైనా చేయండి.

ఇట్లు,
సుజాత