ఏడో నంబరు

రైలు టికెట్లు చివరిదాకా వెయిటింగ్ లిస్టులోనే ఉండిపోయాయి. ఎవరో దాత ముందుకొచ్చి, రాష్ట్ర అండర్-14 కబడ్డీ జట్టుకు ఢిల్లీ ఫ్లైట్ టికెట్లు తీసిచ్చాడు. పన్నెండు మంది పిల్లలు, పన్నెండు ఊళ్ల వాళ్లు. క్యాంపు అయిపోయినా పీఈటీ సార్‌కు పేర్లు నోటికి రాలేదు. జెర్సీ నంబర్లతోనే పిలిచేవాడు. మిర్యాలగూడ శివ ఏడో నంబరు.

శంషాబాద్‌లో బస్సు దిగగానే నెత్తి మీద చెయ్యేస్తూ మొదటి లెక్క. గేటు దగ్గర సీఐఎస్‌ఎఫ్ జవాను ఆధార్ కార్డులు చూసి లోపలికి పంపాక ఇంకో లెక్క. బ్యాగులు కౌంటర్లో ఇచ్చాక మళ్లీ. ఈసారి పదమూడు వచ్చింది!

సార్ మొహం పాలిపోయింది. చూస్తే, నీలం ట్రాక్‌సూట్ వేసుకున్న ఎవరి కొడుకో ఫోన్ చూసుకుంటూ వీళ్ల వరసలో నిలబడ్డాడు.

"తక్కువైతే టెన్షన్ సరే, ఎక్కువైనా టెన్షనే" అన్నాడు సార్.

సెక్యూరిటీ దగ్గర పిల్లలంతా బాగానే దాటారు. కుయ్యిమన్నది సార్ దగ్గరే. మెళ్లో విజిల్ తియ్యడం మర్చిపోయాడు. పిల్లలు నవ్వు ఆపుకోలేకపోయారు. సార్ విజిల్ జేబులో వేసుకుని, నవ్వుతున్న వాళ్లనే లెక్కపెట్టాడు.

విమానంలో సీట్లు చెల్లాచెదురుగా వచ్చాయి. శివకు కిటికీ పక్కన దొరికింది. సార్ నడవాలో వెనక్కీ ముందుకూ తిరుగుతుంటే ఎయిర్ హోస్టెస్ కూర్చోమంది. కాసేపటికి ఆమే చేతిలో చిన్న మిషన్ టిక్కు టిక్కుమనిపిస్తూ, ఒక్కో వరస చూసుకుంటూ వచ్చింది.

"ఏం చేస్తున్నారు మేడమ్?"

"ప్యాసింజర్లను లెక్కపెడుతున్నాను సార్."

సార్ ఆ మిషన్ వంక ఆశగా చూశాడు. "ఇది ఎక్కడ దొరుకుద్ది?"

విమానం రన్‌వే మీద పరుగందుకుంది. వీపు సీటుకు అతుక్కుపోయింది. శివకు కడుపులో ఏదో జారింది. పక్కన కూర్చున్న పెద్దాయన హాయిగా కళ్లు మూసుకున్నాడు. అడగడానికి ఎవరూ లేరు. శివ పిడికిళ్లు బిగించి, ఊపిరి బిగపట్టి, పెదాల్లోనే కూత మొదలుపెట్టాడు. కబడ్డీ కబడ్డీ కబడ్డీ... కూత తెగేసరికి కింద హిమాయత్ సాగర్ కనబడుతోంది. అంత చెరువు అరచేతిలో పట్టేంత ఉంది. ఆ తర్వాత అంతా మబ్బులే. చెవులు మాత్రం దిగేదాకా దిబ్బడేసుకునే ఉన్నాయి.

ఢిల్లీలో బ్యాగుల బెల్టు దగ్గర శివ, సార్‌ను ఫోన్ అడిగి తీసుకుని అమ్మకు చేశాడు.

"దిగినమే అమ్మా."

"తిన్నవా బిడ్డా?"

"లేదే. రేపు పొద్దున తూకం ఉంది. అర కిలో ఎక్కువున్నా ఆడనియ్యరు."

"విమానంల భయమైందా?"

"భయమా? నాకా?"

బెల్టు అవతల నుంచి కేక వినబడింది. "తొమ్మిది, పది, పదకొండు... అరే, ఏడో నంబరు ఎక్కడ్రా? నా ఫోన్ కూడా వాడి దగ్గరే ఉంది!"

"ఉంటనే అమ్మా, సార్ లెక్క తప్పుతుండు" అని శివ బ్యాగు భుజానేసుకుని పరుగెత్తాడు.