ఆటలమ్మ సోకిన మా అమ్మాయికి పది రోజుల సెలవు కోరుతూ లేఖ

విశాఖపట్నం,
11 ఫిబ్రవరి 2025, మంగళవారం.

గౌరవనీయులైన ప్రిన్సిపాల్ మేడమ్ గారికి,

విషయం: ఆరో తరగతి ‘బి’ సెక్షన్ విద్యార్థిని కె. హాసినికి (రోల్ నంబరు 23) ఫిబ్రవరి 10 నుంచి 19 వరకు అనారోగ్య సెలవు మంజూరు చేయవలసిందిగా విన్నపం.

మేడమ్ గారికి నమస్కారాలు. నేను హాసిని తల్లిని. మా అమ్మాయికి శనివారం, అంటే ఈ నెల 8వ తేదీ రాత్రి జ్వరం వచ్చింది. వాతావరణం మారినందువల్ల వచ్చిన మామూలు జ్వరమే అనుకొని పారాసిటమాల్ వేసి పడుకోబెట్టాను. ఆదివారం ఉదయం జడ వేస్తుండగా మెడ వెనుక, జుట్టు మొదలయ్యే చోట, నీటి చుక్కల్లాంటి మూడు పొక్కులు కనిపించాయి. మధ్యాహ్నానికి అవి వీపు మీదికీ, పొట్ట మీదికీ పాకాయి. సాయంత్రం పిల్లల వైద్యుల దగ్గరకు తీసుకువెళ్లగా, చూసిన వెంటనే ఆటలమ్మ అని నిర్ధారించి, పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టేవరకు, కొత్తవి రావడం పూర్తిగా ఆగేవరకు, పాపను బడికి పంపకూడదని స్పష్టంగా చెప్పారు. అందుకు వారం నుంచి పది రోజులు పట్టవచ్చన్నారు. కాబట్టి నిన్నటి నుంచి, అంటే 10వ తేదీ సోమవారం నుంచి 19వ తేదీ బుధవారం వరకు సెలవు ఇప్పించి, 20వ తేదీ గురువారం నుంచి తరగతులకు హాజరయ్యేందుకు అనుమతించవలసిందిగా కోరుతున్నాను. నిన్న ఉదయమే క్లాస్ టీచర్ గారికి ఫోనులో తెలియజేశాను కానీ, రాతపూర్వకంగా అడగడం ఒక రోజు ఆలస్యమైనందుకు మన్నించండి. వాళ్ల నాన్నగారు ఉద్యోగరీత్యా శ్రీకాకుళంలో ఉంటున్నారు, నిన్న రోజంతా నేను పాప దగ్గర నుంచి కదలలేకపోయాను.

సెలవు అడగడంతో పాటు మీకు తప్పక చెప్పవలసిన సంగతి మరొకటి ఉంది. పొక్కులు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఈ జబ్బు ఇతరులకు అంటుకునే అవకాశం ఉంటుందని వైద్యులు చెప్పారు. హాసిని శుక్రవారం పూర్తి రోజు, శనివారం మధ్యాహ్నం వరకు బడిలోనే ఉంది, రెండు రోజులూ బడి బస్సులోనే వచ్చింది. అప్పటికి పాపకు ఏ లక్షణమూ లేదు. తెలిసి పంపింది కాకపోయినా, ఈ మాట దాచడం మాత్రం తప్పవుతుందని రాస్తున్నాను. వైరస్ ఒంట్లో చేరాక బయటపడటానికి పది నుంచి ఇరవై ఒక్క రోజులు పడుతుంది కనుక, అదే తరగతిలోనూ అదే బస్సులోనూ ఉన్న పిల్లల్లో ఎవరికైనా ఫిబ్రవరి 17 నుంచి మార్చి మొదటి వారం దాకా జ్వరం గానీ పొక్కులు గానీ కనిపిస్తే వెంటనే వైద్యులకు చూపించమని ఆ తల్లిదండ్రులకు ఒక మాట చేరవేయగలరు. ఉపాధ్యాయినుల్లో గానీ, బస్సులో పిల్లలను ఎక్కించి దింపే ఆయాల్లో గానీ గర్భిణులు ఎవరైనా ఉండి, వారికి ఇంతకుముందు ఆటలమ్మ రాకపోతే, పొక్కులు వచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే తమ వైద్యులను సంప్రదించడం చాలా అవసరమట. ఈ సమాచారం ఇచ్చేటప్పుడు వీలైతే పాప పేరు చెప్పకుండా ఉంటే మేలు. ముఖం మీది మచ్చల గురించి అప్పుడే దిగులు పెట్టుకొని, “అమ్మా, క్లాసులో అందరికీ తెలిసిపోతుందా?” అని నిన్నటి నుంచి నాలుగైదు సార్లు అడిగింది.

పాపకు చిన్నప్పుడు ఈ టీకా ఒక డోసు మాత్రమే వేయించాం, రెండోది వేయించడంలో మేము అశ్రద్ధ చేశాం. ఒక డోసైనా పడింది కాబట్టి తీవ్రత తక్కువగా ఉండవచ్చని వైద్యులు ధైర్యం చెప్పారు. ఇవాళ జ్వరం తగ్గింది, దురద మాత్రం ఎక్కువగా ఉంది. గోళ్లు కత్తిరించి, కాలమైన్ లోషన్ రాస్తున్నాను. అనకాపల్లి నుంచి మా అత్తయ్యగారు వచ్చి మంచం చుట్టూ వేపమండలు పెట్టారు. పొక్కులు మాడాక వేపాకు, పసుపు వేసిన నీళ్లు తలకు పోసి గానీ గడప దాటించేది లేదంటున్నారు. ఆ నీళ్లు పోసే రోజు ఏదైనప్పటికీ, వైద్యుల ధ్రువపత్రం చేతికి వచ్చాకే పాపను పంపుతాను, ఆ పత్రాన్ని తొలిరోజే కార్యాలయంలో అందజేస్తాను. ఒకవేళ 19వ తేదీకి పొక్కులు పూర్తిగా ఎండకపోతే ముందు రోజే మీకు తెలియజేసి సెలవు పొడిగించమని కోరతాను.

రెండో తరగతి చదువుతున్న మా అబ్బాయి రిత్విక్ సంగతి కూడా మీ నిర్ణయానికే వదిలేస్తున్నాను. వాడికి రెండు డోసులూ పడ్డాయి, ఇప్పటివరకు ఏ లక్షణమూ లేదు, అందువల్ల బడికి పంపవచ్చనే వైద్యులు అన్నారు. రోజూ ఉదయం స్నానం చేయించేటప్పుడు ఒళ్లంతా చూసి, ఒక్క పొక్కు కనిపించినా ఆపేస్తాను. అయినా ఇంట్లో అక్కకు ఉండగా తమ్ముడు రావడం మీకు ఇబ్బంది అనిపిస్తే, ఒక్క మాట చెప్పండి, వాడినీ ఇంట్లోనే ఉంచుకుంటాను.

ఇక చదువు విషయం. ఈ నెల 13, 14, 15 తేదీల్లో యూనిట్ పరీక్షలున్నాయి. పాప వాటికి హాజరు కాలేకపోతుంది కనుక, తిరిగి వచ్చిన తర్వాత మీకు అనుకూలమైన రోజుల్లో విడిగా రాయించే ఏర్పాటు చేయవలసిందిగా ప్రార్థిస్తున్నాను. అది నియమాలకు కుదరకపోతే పాత పరీక్షల మార్కులను లెక్కలోకి తీసుకున్నా మాకు సమ్మతమే, గైర్హాజరు అని సున్నా మాత్రం వేయవద్దని మనవి. డిసెంబరులో మా ఆడపడుచు పెళ్లికి మూడు రోజులు మాన్పించిన మాట నిజమే. ఇప్పటి సెలవు దానికి తోడై హాజరు శాతం తగ్గుతుందని తెలుసు, అందుకే ఈ పది రోజులను వైద్య కారణంగా నమోదు చేయించమని వేరుగా అడుగుతున్నాను. రోజువారీ పాఠాలను క్లాస్ టీచర్ గారు ఫోనులో పంపితే, ఒంట్లో ఓపిక ఉన్నప్పుడు నేను దగ్గర కూర్చోబెట్టి రాయిస్తాను.

ఫిబ్రవరి 28న జాతీయ సైన్స్ దినోత్సవానికి హాసినితో పాటు మరో ఇద్దరు పిల్లలు కలిసి ఇసుక, గులకరాళ్లు, బొగ్గుతో నీటిని వడకట్టే నమూనా చేస్తున్నారు. సగం చేసిన ఆ నమూనా మా ఇంటి బాల్కనీలోనే ఉండిపోయింది. పాపకు నయమయ్యేవరకు ఆ పిల్లలిద్దరూ దానికోసం మా ఇంటికి రావద్దని సైన్స్ టీచర్ గారి ద్వారా చెప్పించండి. నమూనాను తుడిచి, శుభ్రం చేసి 20వ తేదీన నేనే బడికి తెచ్చి ఇస్తాను. మిగిలిన ఎనిమిది రోజుల్లో పూర్తి చేసుకుంటారు.

వైద్యుల చీటీ నకలును ఈ లేఖకు జతపరిచాను. అంటువ్యాధి ఉన్న ఇంటి నుంచి నేరుగా మీ గదికి రావడం భావ్యం కాదని, దీన్ని గేటు దగ్గర కాపలా ఉండే అతనికి ఇచ్చి వెళుతున్నాను. మీరు ఏదైనా అడగదలిస్తే డైరీలో ఉన్న నా నంబరుకు ఏ వేళలోనైనా ఫోను చేయించగలరు.

ఇట్లు,
తమ విధేయురాలు,
కె. సుజాత
(కె. హాసిని, ఆరో తరగతి ‘బి’; కె. రిత్విక్, రెండో తరగతి ‘ఎ’ తల్లి)
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం.

జతపరిచినది: 9 ఫిబ్రవరి 2025 నాటి వైద్యుల చీటీ నకలు.