కాపీ కోడ్ ప్లేస్‌మెంట్ టెస్టులో ఎందుకు ముంచుతుంది

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ల్యాబ్ రికార్డులో కాపీ నడిచిపోతుందేమో గానీ ప్లేస్‌మెంట్ టెస్టులో నడవదు. శాంపిల్ కేసులు పాసైనా, అసలు మార్కులు హిడెన్ కేసుల దగ్గరే. ప్రశ్నలో ఒక్క షరతు మారుస్తారు: `n` 1,000 బదులు 1,00,000. బట్టీపట్టిన రెండు లూపుల కోడ్ అప్పుడు దాదాపు 500 కోట్ల జతలు పోల్చాలి; టైమ్ లిమిట్ దాటేస్తుంది. మొత్తాన్ని `int`లో కూడితే 2,147,483,647 దాటగానే జవాబు తప్పు, `long long` కావాలి. కారణం తెలియకపోతే ఎర్ర గుర్తు చూస్తూ కూర్చోవడమే.

వేరియబుల్ పేర్లు మార్చేస్తే దొరకమనుకోకండి, పోలిక పట్టే సాఫ్ట్‌వేర్ కోడ్ నిర్మాణాన్ని చూస్తుంది. దొరక్కపోయినా ఇంటర్వ్యూలో “ఈ లైన్ తీసేస్తే ఏమవుతుంది?” అని అడుగుతారు.

సొల్యూషన్ చూసే ముందు 40 నిమిషాలు కాగితం మీద కుస్తీ పట్టండి. చూశాక మూసేసి, మర్నాడు ఖాళీ ఎడిటర్‌లో మళ్లీ రాయండి. ఆగిపోయిన చోటే మీకు రానిది. రేపు సాయంత్రం 5కి ల్యాబ్‌కు రండి, ఆటో కంప్లీట్ ఆపేసి మొదలుపెడదాం.