విషయం: నాన్నగారి ఛాతీ సీటీ రిపోర్టులో సందేహాలు (వయసు 68, ఓపీ నంబరు 4172)

డాక్టరు గారికి నమస్కారం.

మీరు తీయించమన్న సీటీ స్కాన్ రిపోర్టు నిన్న చేతికొచ్చింది. మీ అపాయింట్‌మెంట్ 20వ తేదీకి దొరికింది. అంతవరకూ ఆగలేని ప్రశ్న ఒకటి ఉంది కాబట్టి ముందే రాస్తున్నాను.

‘ఫైండింగ్స్’లో నాడ్యూల్ కుడి ఊపిరితిత్తి పై లోబ్‌లో, 7 మి.మీ., సాలిడ్ అని ఉంది. చివర ‘ఇంప్రెషన్’లో అదే 7 మి.మీ. నాడ్యూల్ ఎడమ పై లోబ్‌లో అని ఉంది. ఇది టైపింగ్ పొరపాటా, లేక రెండు వైపులా ఉన్నాయా? దయచేసి రేడియాలజిస్టు గారు ఫిల్ములు మళ్లీ చూసి, సవరించిన రిపోర్టు ఇచ్చేలా చూడండి. పొరపాటు అలాగే ఉండిపోతే తర్వాతి స్కాన్‌ను దేనితో పోల్చాలో ఎవరికీ తెలియదు.

రెండోది, ‘పోల్చడానికి పాత స్కాన్లు లేవు’ అని రాశారు. కానీ 2021లో కోవిడ్ వచ్చినప్పుడు తీసిన ఛాతీ సీటీ సీడీ మా దగ్గర ఉంది. స్కాన్ సెంటర్లో ఎవరూ అడగలేదు, మాకూ తోచలేదు. ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను. సాలిడ్ నాడ్యూల్ రెండేళ్లకు పైగా పెరగకుండా ఉంటే సాధారణంగా భయపడక్కర్లేదంటారు కదా. అప్పుడూ ఇదే సైజులో ఉందో లేదో తెలిస్తే మా సగం బెంగ తీరుతుంది.

‘ఇన్‌డిటర్మినేట్’ అన్న మాట కింద నాన్నగారు పెన్నుతో గీత గీసుకుని కూర్చున్నారు. క్యాన్సరని చెప్పలేక అలా రాశారని ఆయన అనుమానం. ఈ ఒక్క స్కాన్‌తో ఏదీ తేల్చలేమని మాత్రమే దాని అర్థమని నేననుకుంటున్నాను. మీ నోటితో చెబితేనే ఆయన నమ్ముతారు.

‘ఫైబ్రోటిక్ స్ట్రాండ్స్, పాత ఇన్ఫెక్షన్ సీక్వెలే’ అంటే 1994లో మందులు పూర్తిగా వాడిన టీబీ తాలూకు మచ్చలేనా? కఫం పరీక్ష మళ్లీ చేయించాలా? ‘సబ్‌సెంటీమెట్రిక్ మీడియాస్టైనల్ నోడ్స్’ గురించి ఒక్క మాట చెబితే చాలు.

‘క్లినికల్ కోరిలేషన్ అవసరం’ అన్నారు కాబట్టి ఈ వివరాలు మీకు పనికొస్తాయేమో. రోజుకో ప్యాకెట్ చొప్పున ముప్పై ఏళ్లు సిగరెట్ తాగి, 2016లో మానేశారు. స్కాన్ ఫారంలో దగ్గు అని మాత్రమే రాసి ఉంది, సిగరెట్ సంగతి లేదు. రెండు నెలల్లో బరువు 72 నుంచి 69 కిలోలకు తగ్గింది. షుగర్ కోసం అన్నం తగ్గించారు, అది కారణం కావచ్చు. కఫంలో రక్తం లేదు, జ్వరం లేదు.

మూడు నెలలకు మళ్లీ సీటీ అని రిపోర్టులో ఉంది. ఈ సైజుకు ఆరు నుంచి పన్నెండు నెలలు ఆగవచ్చని చదివాను. ఆయన విషయంలో ఏది సరైనది, ఎందుకు? కాంట్రాస్ట్ గానీ బయాప్సీ గానీ ఆలోచిస్తే: క్రియాటినిన్ 1.5, మెట్‌ఫార్మిన్, స్టెంట్ వల్ల క్లోపిడోగ్రెల్ వాడుతున్నారు. మిమ్మల్ని అడగకుండా ఏదీ ఆపం.

కుడా ఎడమా అన్నది మాత్రం 20వ తేదీ లోపే ఫోనులో చెప్పించగలరా? సాయంత్రం 5 దాటితే నేను ఇంట్లోనే ఉంటాను. ఏదున్నా నాన్నగారికే నేరుగా చెప్పండి, ఆయన దగ్గర దాచాలని మాకు లేదు.

ఇట్లు,
సుజాత (పెద్దకూతురు)

జతపరచినవి: కొత్త రిపోర్టు జిరాక్స్, 2021 సీటీ సీడీ, మందుల చీటీ