నీళ్లు మరిగించడానికి బొగ్గా, అణువా?

అందరికీ నమస్కారం. నేను బీఎస్సీ ఫిజిక్స్ రెండో ఏడాది చదువుతున్నాను. సెక్రటరీగారు నాకు పది నిమిషాలు ఇచ్చారు. సోలార్, గాలి, జలవిద్యుత్తు జోలికి పోకుండా బొగ్గునీ అణువునీ మాత్రమే పోల్చమన్నారు కాబట్టి నేరుగా అందులోకే వెళ్తాను.

ముందుగా ఒక మాట. రియాక్టర్ నుంచి కరెంటు దానంతట అది పుట్టదు. అక్కడ జరిగేది కూడా నీళ్లు మరగడమే. ఆవిరి టర్బైన్‌ని తిప్పుతుంది, టర్బైన్ జెనరేటర్‌ని తిప్పుతుంది. థర్మల్ కేంద్రంలోనూ ఇదే తంతు. రెండుచోట్లా పుట్టిన వేడిలో కరెంటుగా మారేది సుమారు మూడో వంతు. కొత్తరకం బొగ్గు కేంద్రాల్లో ఇంకాస్త ఎక్కువ. మిగిలిందంతా గాల్లోనో నీళ్లలోనో కలిసిపోతుంది. తేడా అంతా ఆ వేడి ఎలా పుడుతుందన్న దాంట్లోనే ఉంది.

ఒక కార్బన్ పరమాణువు మండితే వచ్చేది సుమారు 4 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి. ఒక యురేనియం-235 కేంద్రకం చీలితే సుమారు 20 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు. అంటే 5 కోట్ల రెట్లు. ఇవాళ నేను చెప్పబోయే మంచీ చెడూ దాదాపు అంతా ఈ ఒక్క అంకెలోంచే వస్తుంది.

వెయ్యి మెగావాట్ల బొగ్గు కేంద్రం పూర్తిస్థాయిలో నడిస్తే రోజుకు దాదాపు 10,000 టన్నుల బొగ్గు కావాలి. వ్యాగన్‌కి 60 టన్నులు అనుకున్నా 160కి పైగా వ్యాగన్లు. అదీ ప్రతిరోజూ. అంతే సామర్థ్యమున్న రియాక్టర్‌కి ఏడాది మొత్తానికి 25 నుంచి 30 టన్నుల ఇంధనం సరిపోతుంది. ఇదిగో, ఈ సుద్దముక్కని సెంటీమీటరు పొడవున విరిచాను. ఇంధన గుళిక పరిమాణం దాదాపు ఇంతే. కాకపోతే యురేనియం ఆక్సైడ్ బాగా సాంద్రమైనది కాబట్టి అంత చిన్న ముక్కే ఏడు గ్రాముల దాకా తూగుతుంది. ఒక్క గుళిక సుమారు ఒక టన్ను బొగ్గు పని చేస్తుంది. ముక్కని అటు పాస్ చేయండి, అందరూ ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి.

10,000 టన్నుల బొగ్గు కాలితే మాయమైపోదు కదా. బొగ్గు నాణ్యతని బట్టి అందులో పదో వంతు నుంచి మూడో వంతు దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే, బూడిదగా మిగులుతుంది. మిగతాది పొగ గొట్టంలోంచి కార్బన్ డయాక్సైడ్‌గా, సల్ఫర్, నైట్రోజన్ ఆక్సైడ్లుగా, సన్నటి ధూళిగా, కొద్దిపాటి పాదరసంగా బయటికి పోతుంది. కార్బన్ డయాక్సైడ్ తప్ప మిగతావాటిని వడపోత పరికరాలు చాలావరకు పట్టేస్తాయి. కానీ అవి బిగించాలి, బిగించాక నడపాలి కూడా. బూడిద చెరువులేమీ నిరపాయకరం కాదు. 2008 డిసెంబర్‌లో అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రం కింగ్‌స్టన్‌లో బూడిద చెరువు కట్ట తెగి, 40 లక్షల ఘనపు మీటర్లకు పైగా బురద నదిలోకీ ఇళ్ల మీదికీ వచ్చిపడింది. దాని పేరు విన్నవాళ్లు ఈ హాల్లో ఎంతమంది? చెర్నోబిల్ పేరు విననివాళ్లు ఎంతమంది?

నా అసలు వాదన అక్కడే ఉంది. బొగ్గు రోజూ కొంచెం కొంచెంగా చంపుతుంది, అందుకే అది వార్త కాదు. యూరప్ కేంద్రాల మీద వేసిన అంచనాల ప్రకారం గాలి కాలుష్యం, ప్రమాదాలు కలిపి ప్రతి 100 కోట్ల యూనిట్ల బొగ్గు కరెంటుకు సుమారు 25 మంది చనిపోతారు. వెయ్యి మెగావాట్ల కేంద్రం ఏడాదికి 700 కోట్ల యూనిట్లు తీస్తుందనుకుంటే, అది 170 మందికి పైమాటే. అణు విద్యుత్తుకు ఆ అంకె 0.03. చెర్నోబిల్‌నీ ఫుకుషిమానీ కలుపుకున్నాకే సుమా! అంటే అదే సైజు రియాక్టర్‌కి అయిదేళ్లకు ఒక మరణం.

అలాగని ప్రమాదాల్ని కొట్టిపారేయను. రియాక్టర్‌కి ఒక చెడ్డ గుణం ఉంది. నియంత్రణ కడ్డీలు దించి విచ్ఛిత్తిని ఆపేసినా వేడి ఆగదు. చీలిన ముక్కలు ఇంకా రేడియోధార్మికంగా ఉంటాయి కాబట్టి, ఆపిన క్షణంలో పూర్తి వేడిలో 6, 7 శాతం దాకా మిగిలే ఉంటుంది. 3,000 మెగావాట్ల వేడిలో 6 శాతం అంటే 180 మెగావాట్లు! అది గంటగంటకూ తగ్గుతుంది గానీ రోజుల తరబడి పంపులు ఆడుతూనే ఉండాలి. 2011 మార్చి 11న ఫుకుషిమాలో జరిగిందిదే. భూకంపం రాగానే రియాక్టర్లు వాటంతటవే ఆగాయి. బయటి కరెంటు పోయింది. డీజిల్ జెనరేటర్లు అందుకున్నాయి. తర్వాత సునామీ వచ్చి వాటిని ముంచేసింది. అక్కడ రేడియేషన్ వల్లనే చనిపోయాడని ప్రభుత్వం ఒప్పుకున్నది ఒక్క కార్మికుణ్ణి. కానీ హడావుడిగా ఊళ్లు ఖాళీ చేయించడంలో, ఆ తర్వాతి అవస్థల్లో రెండు వేలకు పైగా జనం, ఎక్కువగా వృద్ధులు, పోయారు. 1986 నాటి చెర్నోబిల్ రియాక్టర్ డిజైనే వేరు. దానికి గట్టి కాంక్రీటు కవచమే లేదు.

ఇక వ్యర్థాలు. ప్లుటోనియం-239 అర్ధాయువు 24,000 ఏళ్లు అనగానే అందరికీ గుండె దడ. నిజమే, దాన్ని జాగ్రత్తగా పాతిపెట్టాలి. ఫిన్లాండ్‌లో ఓంకాలో అనే చోట 400 మీటర్లకు పైగా లోతున రాతిలో సొరంగాలు తవ్వారు. అయితే బూడిదలోని ఆర్సెనిక్‌కీ పాదరసానికీ అర్ధాయువంటూ లేదు. అవి ఎప్పటికీ విషాలే. అన్నట్టు, బొగ్గు బూడిద అణు వ్యర్థాల కంటే ఎక్కువ రేడియోధార్మికమైనదని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. అది తప్పు, అణువు తరఫున మాట్లాడేవాళ్లు ఆ మాట మానేయాలి. వాడేసిన ఇంధనం దగ్గర కవచం లేకుండా నిలబడితే నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది.

వాతావరణం సంగతి తేలిక. వాతావరణ మార్పుల మీద ఐక్యరాజ్యసమితి వేసిన శాస్త్రవేత్తల సంఘం ఐపీసీసీ 2014 నివేదిక లెక్కలో, గని తవ్వడం నుంచి కేంద్రం కూల్చేదాకా అన్నీ కలిపితే, బొగ్గుకి యూనిట్‌కి 820 గ్రాముల కార్బన్ డయాక్సైడ్, అణువుకి 12.

ఇంతదాకా వింటే అణువే గెలిచినట్టుంది. దాన్ని ఓడించేది రేడియేషన్ కాదు, డబ్బూ కాలమూ. ఫ్రాన్స్‌లో ఫ్లమాన్‌విల్ మూడో యూనిట్ పని 2007లో మొదలైంది, 330 కోట్ల యూరోలతో అయిపోతుందన్నారు. గ్రిడ్‌కి కలిసింది 2024 డిసెంబర్‌లో, ఖర్చు 1,300 కోట్ల యూరోలు దాటాక. అదే ఫ్రాన్స్ 1970లు, 80లలో ఒకే డిజైన్‌ని వరసగా కట్టుకుంటూ పోయి కరెంటులో అధిక భాగం అణువు నుంచే తెచ్చుకుంది. ఒకేలాంటివి చాలా కడితే చేయి తిరుగుతుంది; పదిహేనేళ్లకొకటి కడితే ప్రతిదీ మొదటిదే. కట్టినన్నాళ్లూ వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. బొగ్గు కేంద్రం నాలుగైదేళ్లలో లేస్తుంది, దాని బలం అదొక్కటే అని నా ఉద్దేశం. యురేనియం శుద్ధి చేసే యంత్రాలే బాంబుకీ దారి తీయగలవన్న భయం కూడా ఉంది. అది ఇంజినీర్లు తీర్చగలిగేది కాదు.

కాబట్టి నా తీర్పు రెండు ముక్కలు. భద్రంగా నడుస్తున్న రియాక్టర్‌ని బొగ్గు కేంద్రం కన్నా ముందు మూసేయడం తప్పు. జర్మనీ 2023 ఏప్రిల్‌లో తన చివరి మూడు రియాక్టర్లనీ ఆపేసింది, బొగ్గుకి మాత్రం 2038 దాకా గడువిచ్చింది. ఆ వరస తలకిందులుగా ఉండాల్సింది. కొత్త రియాక్టర్ విషయంలో అంత గట్టిగా చెప్పను. అది పూర్తయ్యేదాకా కరెంటు ఎక్కడి నుంచి వస్తుందో కూడా చెప్పగలిగిన ప్రణాళిక ఉంటేనే కట్టాలి. ఆ ఖాళీలో బొగ్గే మండేటట్టయితే, ఆ పదిహేనేళ్ల పొగని కూడా రియాక్టర్ ఖాతాలోనే రాయాలి.

నా టైము అయిపోయినట్టుంది, సెక్రటరీగారు వాచీ చూస్తున్నారు. ప్రశ్నలు అడగండి. పవర్ ప్లాంట్లలో పనిచేసిన వాళ్లెవరైనా ఉంటే నా అంకెల్ని ముందు మీరే పట్టుకోండి. ఆ సుద్దముక్క ఎవరి దగ్గరుందో కాస్త ఇటివ్వండి, బోర్డు మీద రాయడానికి అదొక్కటే మిగిలింది.