మన సత్యనారాయణ గారికి

సభకు నమస్కారం. పెద్దలకు, రైతులకు, మా సెక్షన్ సిబ్బందికి, ముఖ్యంగా సత్యనారాయణ గారి కుటుంబానికి స్వాగతం.

మా ఇరిగేషన్ శాఖలో లస్కరుగా చేరి, వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా ఈ రోజు రిటైరవుతున్నారు సత్యనారాయణ గారు. నేను ఏఈగా ఇక్కడికి వచ్చేనాటికి నాకు కాలవ అంటే మ్యాపులో గీత. ఈ గట్ల మీద ఆయన వెనక నడుస్తూనే పని నేర్చుకున్నాను.

ఆయన చేసిన పనేమిటో మా ఆఫీసు బయటివాళ్లకు ఒక్క మాటలో చెబుతాను. ధవళేశ్వరంలో కాలవలకు నీరు వదిలితే మొదట్లో ఉన్న చేలకు తేలిగ్గానే అందుతుంది. ఇబ్బందంతా శివారు రైతుదే. అందుకే దాళ్వాలో వంతులు పెట్టామంటే ఆయన ముందు శివారుకే వెళ్లేవారు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి నీళ్లలోకి దిగి, తూముకి అడ్డంపడ్డ గుర్రపుడెక్కని చేత్తో లాగి గట్టు మీద పడేసేవారు. నీళ్లు బోదెలోకి సాగాయని కళ్లారా చూశాకే సైకిలెక్కేవారు.

ఒక రాత్రి వంతు దగ్గర ఇద్దరు రైతులు మాటామాటా అనుకుని, పారలు పట్టుకునేదాకా వచ్చారు. ఈయన గొంతు పెంచలేదు. "మీ చేనూ ఎండకూడదండి, ఆయన చేనూ ఎండకూడదు. తెల్లారేదాకా నేనిక్కడే ఉంటాను, ఇద్దరూ ఇళ్లకెళ్లి పడుకోండి" అన్నారు. అన్నట్టే ఉన్నారు. ఆ రైతులిద్దరూ ఈ రోజు ఈ సభకు వచ్చారు. అంతకన్నా పెద్ద సర్టిఫికెట్ మా డిపార్ట్‌మెంట్ ఇవ్వలేదు.

2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి మూడో ప్రమాద హెచ్చరిక దాటినప్పుడు మా అందరికీ టెన్షనే. సత్యనారాయణ గారు ఏటిగట్టు మీద వానలో తిరుగుతూ, ఎక్కడ నీరు ఊటలా చిమ్ముతోందో టార్చి వేసి వెతికి, అక్కడికి ఇసుక బస్తాలు మోయించారు. కుర్రాళ్లు అన్నం తిన్నారో లేదో కూడా ఆయనే కనుక్కున్నారు. ఇది నేను ఎప్పటికీ మర్చిపోను.

అమ్మా, సంక్రాంతి పూట కూడా ఫోను మోగితే ఆయన విస్తరి ముందు నుంచి లేచి వచ్చేవారని మాకు తెలుసు. నాట్ల రోజులు కదా, మేమూ ఆయన్నే పిలిచేవాళ్లం. మీరు ఏనాడూ విసుక్కోలేదు. మా అందరి తరఫున మీకు చేతులెత్తి దండం పెడుతున్నాను.

సత్యనారాయణ గారూ, ఇక మనవరాలిని రోజూ మీరే బడికి దింపండి. ఒంట్లో బీపీ ఉంది, మందులు మానకండి. వచ్చే సార్వాకి నీరు వదిలే రోజున మాత్రం మాతో పాటు హెడ్ స్లూయిస్ దగ్గరికి రావాలి, కారు నేనే పంపిస్తాను.

ఇప్పుడు మన డీఈ గారు శాలువా కప్పుతారు. అందరూ ఒక్కసారి లేచి నిలబడండి.